గంజాయి ముందు, హెరాయిన్ తర్వాత: ఈ వరుసలో కారణం ఎంత?

ప్రశ్న: మా తమ్ముడికి 17 ఏళ్లు. వారానికి రెండు మూడుసార్లు గంజాయి పీలుస్తున్నాడని, స్నేహితులతో బీరు కూడా తాగుతున్నాడని ఈమధ్యే తెలిసింది. ఇది ఇక్కడితో ఆగదు, చివరికి హెరాయిన్ దాకా పోతుందని ఇంట్లో పెద్దవాళ్లు అంటున్నారు. దానికీ దీనికీ సంబంధమే లేదని వాడు అంటున్నాడు. గంజాయి, మద్యం నిజంగానే పెద్ద మత్తులకు దారి తీస్తాయా, లేక అలా వెళ్లేవాళ్లు మొదటినుంచీ వేరేనా?

జవాబు:

మీ పెద్దవాళ్లు చూసిన వరుస నిజమే, కానీ ఆ వరుసకు వారు చెప్పుకున్న కారణం చాలావరకు నిజం కాదు. మీ తమ్ముడి మాట కూడా పూర్తిగా సరి కాదు. గంజాయి నుంచి తీవ్రమైన మాదకద్రవ్యాలకు వెళ్లినట్టు కనిపించే దారిలో ఎక్కువ భాగాన్ని, ఆ రెండింటికీ ముందునుంచే ఉన్న ఉమ్మడి కారణాలతో వివరించవచ్చు. అయితే అలా వివరించాక కొంత మిగులుతుంది. ఆ మిగిలిన భాగం అందరి మీదా సమానంగా పడదు. చిన్న వయసులో, తరచుగా వాడేవారి మీదే ఎక్కువగా పడుతుంది, మీ తమ్ముడు సరిగ్గా ఆ అంచున ఉన్నాడు. వ్యసన చికిత్సలో 20 ఏళ్లకు పైగా పనిచేసిన అనుభవంతో ఈ మాట అంటున్నాను. అనుభవం ఒక్కటే దీనికి చాలదని కూడా ఆ అనుభవమే నేర్పింది కాబట్టి, ఈ నిర్ణయానికి ఎలా వచ్చానో విడమరచి చెబుతాను.

అనుభవం ఎందుకు చాలదో ముందు చెప్పాలి. మా గదిలోకి వచ్చే హెరాయిన్ రోగిని మొదట ఏం వాడావని అడిగితే దాదాపు ప్రతిసారీ సిగరెట్, బీరు, గంజాయి అనే జవాబే వస్తుంది. ఏడాదికి 100 మంది అదే మాట చెబితే, గంజాయే వీరిని ఇక్కడికి తెచ్చిందని ఏ వైద్యుడికైనా అనిపిస్తుంది. కానీ గంజాయి నాలుగేళ్లు పీల్చి, ఉద్యోగం వచ్చాకో పెళ్లయ్యాకో మానేసినవాడు మా గదికి రాడు. వారి సంఖ్య, వచ్చినవారి సంఖ్య కంటే ఎంతో పెద్దది. మునిగినవారిని మాత్రమే లెక్కపెట్టి నది లోతు చెప్పినట్టుంటుంది మా లెక్క.

ఈ చర్చకు శాస్త్రీయ రూపం ఇచ్చింది అమెరికా పరిశోధకురాలు డెనిస్ క్యాండెల్. న్యూయార్క్ రాష్ట్రంలోని ఉన్నత పాఠశాల విద్యార్థులను కొంతకాలం గమనించి, 1975లో ఆమె ఒక వరుసను ప్రకటించారు. మొదట బీరు లేదా వైన్, తర్వాత సిగరెట్ లేదా ఘాటైన మద్యం, ఆ తర్వాత గంజాయి, చివర ఇతర నిషేధిత మత్తుమందులు. కింది మెట్టు మీద ఉన్నవారు తప్పనిసరిగా పై మెట్టు ఎక్కుతారని ఆమె అనలేదు. ఆ తేడా 1980లలో జరిగిన ప్రచారంలో కరిగిపోయింది. ‘గేట్‌వే’ అనే పేరు వచ్చి చేరాక, గంజాయి అనేది తలుపు, దాన్ని తెరిస్తే లోపల హెరాయిన్ ఉంటుంది అన్న బొమ్మ జనం మనసులో నిలిచిపోయింది.

ఆ బొమ్మకు ఆధారంగా చూపేవి మూడు పరిశీలనలు. గంజాయి వాడినవారిలో తీవ్రమైన మత్తుమందుల వాడకం, వాడనివారిలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. వరుస దాదాపు ఎప్పుడూ గంజాయి ముందు, మిగతావి తర్వాత. గంజాయి ఎంత తరచుగా వాడితే ముందుకు వెళ్లే అవకాశం అంత ఎక్కువ. ఈ మూడూ నిజమే. నిజానికి వైద్యంలో ఒక వస్తువు ఒక జబ్బుకు కారణమా అని తేల్చేటప్పుడు మేము వెతికేవి కూడా ఇలాంటివే. అందుకే ఈ వాదాన్ని తేలిగ్గా తోసిపుచ్చలేం. చూడవలసింది ఒకటే. గంజాయికి కారణమయ్యే శక్తి రవ్వంత కూడా లేకపోయినా ఈ మూడూ ఇలాగే కనిపించగలవా?

చిన్న లెక్క వేసి చూద్దాం. ఇందులోని అంకెలు నేను ఊహించినవి, ఏ సర్వేలోవీ కావు. 1000 మంది యువకులు ఉన్నారనుకోండి. వారిలో 200 మందికి మత్తుల వైపు బలమైన మొగ్గు ఉంది. ఆ మొగ్గు కుటుంబం నుంచి వచ్చిన స్వభావం కావచ్చు, చిన్నప్పుడు పడిన దెబ్బలు కావచ్చు, దుడుకుతనం కావచ్చు. మిగతా 800 మందికి అది లేదు. మొగ్గు ఉన్న 200 మందిలో 80 శాతం, అంటే 160 మంది గంజాయి వాడతారు. లేని 800 మందిలో 25 శాతం, అంటే 200 మంది వాడతారు. ఇప్పుడు తీవ్రమైన మత్తుమందుల విషయంలో ఒక నియమం పెట్టుకుందాం. గంజాయి వాడారా లేదా అన్నదానితో సంబంధం లేకుండా, మొగ్గు ఉన్నవారిలో 25 శాతం, లేనివారిలో 1 శాతం వాటిని ముట్టుకుంటారు. అంటే ఈ ఊహాలోకంలో గంజాయి పూర్తిగా నిర్దోషి.

ఫలితం చూడండి. గంజాయి వాడిన 360 మందిలో, మొగ్గు ఉన్నవారి నుంచి 40 మంది, లేనివారి నుంచి ఇద్దరు, మొత్తం 42 మంది ముందుకు వెళ్లారు. అది సుమారు 11.7 శాతం. గంజాయి వాడని 640 మందిలో, మొగ్గు ఉన్నవారి నుంచి 10 మంది, లేనివారి నుంచి ఆరుగురు, మొత్తం 16 మంది వెళ్లారు. అది 2.5 శాతం. అంటే గంజాయి వాడినవారికి ముప్పు నాలుగున్నర రెట్లకు పైగా ఉన్నట్టు కనిపిస్తుంది. తీవ్రమైన మత్తులు వాడిన 58 మందిలో 42 మంది గతంలో గంజాయి చేతపట్టినవారే. గంజాయి 15 ఏళ్లకే దొరికి, హెరాయిన్ 19 ఏళ్లకు గానీ ఎదురుపడకపోతే, ఆ 42 మందీ గంజాయి నుంచే మొదలుపెట్టామనే చెబుతారు, అందులో అబద్ధం ఏమీ ఉండదు. మొగ్గు ఎక్కువున్నవాడు గంజాయిని కూడా ఎక్కువసార్లు వాడతాడు కాబట్టి మూడో పరిశీలన కూడా దానంతటదే వచ్చి కూర్చుంటుంది.

ఇదే పనిని అసలైన సర్వే సమాచారంతో, ఎంతో జాగ్రత్తగా, 2002లో ర్యాండ్ అనే అమెరికా పరిశోధన సంస్థకు చెందిన ఆండ్రూ మోరల్, ఆయన సహచరులు చేశారు. అమెరికా జాతీయ గృహ సర్వే అంకెలను తీసుకుని, మొగ్గు, అవకాశం దొరికే వయసు, కాకతాళీయం అనే మూడింటితో మాత్రమే నమూనా కట్టారు. గంజాయికి ఏ ప్రభావమూ ఇవ్వకపోయినా ఆ మూడు పరిశీలనలూ ఆ నమూనాలో పుట్టుకొచ్చాయి. గంజాయికి ప్రభావం లేదని వారు నిరూపించలేదు, నిరూపించామని అనలేదు కూడా. ప్రభావం ఉందనడానికి ఆ మూడు పరిశీలనలు సరిపోవని మాత్రమే చూపించారు. ఈ సన్నని గీతను వార్తలు రాసేవారు తరచూ దాటేస్తుంటారు.

అయితే మొగ్గును కొలిచి, దాన్ని లెక్కలోంచి తీసేసి చూడవచ్చు కదా అని మీకు తోచవచ్చు. పరిశోధకులు చేసేది అదే, చిక్కు కూడా అక్కడే ఉంది. పై లెక్కలో మొగ్గు ఉన్న 200 మందిలో 100 మందినే మన ప్రశ్నపత్రం గుర్తించగలిగిందనుకోండి. మిగతా 100 మంది, తమ ఇంట్లో జరిగింది చెప్పకపోవడం వల్లో, మనం అడగకపోవడం వల్లో, మొగ్గు లేని 800 మందిలో కలిసిపోయారు. ఈ 900 మందిని తక్కువ ముప్పు ఉన్నవారు అనుకుని లెక్కిస్తే, గంజాయి వాడిన 280 మందిలో 22 మంది, వాడని 620 మందిలో 11 మంది ముందుకు వెళ్లినట్టు వస్తుంది. నిష్పత్తి 4.4. సగం మొగ్గును కొలిచి సర్దినా తేడా దాదాపు అంతే మిగిలింది. కుటుంబ నేపథ్యాన్ని పరిగణనలోకి తీసుకున్న తర్వాత కూడా సంబంధం బలంగా ఉంది అనే వాక్యం ఏ అధ్యయనంలో కనిపించినా, నేపథ్యాన్ని ఎంత బాగా కొలిచారన్నదే నేను మొదట వెతుకుతాను.

దీన్ని దాటడానికి ఉన్న మంచి ఉపాయాల్లో ఒకటి కవలలను పోల్చడం. ఒకే ఇంట్లో, ఒకే తల్లిదండ్రుల దగ్గర, ఒకే వయసులో పెరిగిన ఇద్దరిలో ఒకరు 17 ఏళ్ల లోపే గంజాయి వాడి, మరొకరు వాడకపోతే, వారిద్దరి మధ్య తర్వాత వచ్చిన తేడాకు ఇల్లు కారణం కాలేదు. ఒకే అండం నుంచి పుట్టిన కవలలైతే జన్యువులు కూడా కారణం కాలేవు. మైకేల్ లిన్‌స్కీ బృందం ఆస్ట్రేలియాలో ఇలాంటి 311 జంటలను పరిశీలించి 2003లో ఫలితాలు ప్రకటించింది. ఉమ్మడి కారణాలే మొత్తం కథ అయితే, ఇద్దరు కవలల ముప్పూ ఒకేలా ఉండాలి. కానీ ముందుగా గంజాయి వాడిన కవలకు ఇతర మత్తుమందుల వాడకం, మద్యానికి బానిస కావడం, మత్తుమందులకు బానిస కావడం వంటివి 2.1 నుంచి 5.2 రెట్ల వరకు ఎక్కువగా కనిపించాయి. చిన్నప్పుడే మద్యం, పొగాకు మొదలుపెట్టడం, తల్లిదండ్రుల కలహాలు, బాల్యంలో లైంగిక హింస, ప్రవర్తన సమస్యలు, కుంగుబాటు వంటివాటిని సర్దిన తర్వాత కూడా అదే పరిస్థితి.

కాబట్టి జన్యువులు, ఇల్లు మాత్రమే కారణమనే వాదం ఇక్కడ నిలవలేదు. ఉమ్మడి కారణాల వైపు మొగ్గే నాలాంటివాడు ఈ అధ్యయనాన్ని దాచకూడదు. అయితే కవలలకు ఇల్లు ఒకటే గానీ స్నేహితులు ఒకటి కారు. ఒకడు క్రికెట్ జట్టుతో తిరిగితే, రెండోవాడు వీధి చివర గుంపుతో తిరగవచ్చు. ఆ గుంపే 16 ఏళ్లకు గంజాయినీ, 19 ఏళ్లకు మరొకదాన్నీ అందించి ఉండవచ్చు. అధ్యయనం చేసినవారు కూడా తమ ఫలితానికి గంజాయి రసాయన ప్రభావం కంటే సాంఘిక వాతావరణం కారణం కావచ్చని రాశారు.

మద్యం విషయంలో కవలలు చెప్పిన కథ ఇందుకు భిన్నం. 15 ఏళ్ల లోపే తాగడం మొదలుపెట్టినవారిలో 40 శాతానికి పైగా జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు మద్యానికి బానిసలయ్యారని, 20 ఏళ్లు దాటాక మొదలుపెట్టినవారిలో అది 10 శాతం మాత్రమేనని 1997లో అమెరికాలోని ఒక జాతీయ సర్వే ఆధారంగా తేలింది. ఆ అంకెలు విని, మొదటి గుక్కను వాయిదా వేస్తే చాలు బానిసత్వం తప్పుతుందని చాలామంది అనుకున్నారు. రెండేళ్ల తర్వాత వర్జీనియా కవలలను పరిశీలించిన ప్రెస్కాట్, కెండ్లర్ అనే పరిశోధకులు, చిన్న వయసులో తాగడానికీ తర్వాతి వ్యసనానికీ చాలావరకు కుటుంబం నుంచి వచ్చే ఉమ్మడి మూలమే ఉందని, మొదటి గుక్క వయసు దానంతట అది కారణం కాదని తేల్చారు. ముందే తాగడం ఆ మొగ్గుకు ఒక గుర్తు మాత్రమే. జ్వరానికి ఒళ్లు వేడెక్కడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే.

పైగా తాగడం మామూలైన సమాజంలో, హెరాయిన్ వాడేవాడు గతంలో బీరు తాగాడని చెప్పడం వల్ల పెద్దగా తెలిసేది ఏమీ లేదు, ఎందుకంటే హెరాయిన్ వాడని అతని సహవిద్యార్థులు కూడా తాగినవారే. మద్యం చేసే నేరుగా ఉండే పని మాత్రం ఒకటుంది, దాన్ని నేను గంభీరంగానే తీసుకుంటాను. మెలకువలో వద్దనే మనిషి, నాలుగు పెగ్గుల తర్వాత ఎవరో చాపిన బిళ్లను నోట్లో వేసుకుంటాడు. నా రోగుల్లో చాలామందికి కొకైన్‌తో మొదటి పరిచయం తాగిన మైకంలోనే జరిగింది. ఇది మెదడు ఏళ్ల తరబడి మారడం వల్ల జరిగేది కాదు, ఒక రాత్రి నిర్ణయశక్తి సడలడం వల్ల జరిగేది. అంతే తేడా.

వయసు సంగతికి వస్తే, నాకు బాగా నమ్మకం కుదిరించిన ఆధారం న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ నగరం నుంచి వచ్చింది. అక్కడ 1977లో పుట్టిన 1265 మంది పిల్లలను పుట్టినప్పటినుంచే వెంబడించి, క్రమం తప్పకుండా పరీక్షిస్తూ వచ్చారు. ఫెర్గూసన్, హార్వుడ్ అనే ఇద్దరు ఈ సమాచారాన్ని విశ్లేషించారు. ఆ పిల్లల్లో 21 ఏళ్లు వచ్చేసరికి దాదాపు 70 శాతం గంజాయి వాడి చూశారు, 26 శాతం ఇతర నిషేధిత మత్తుమందులు వాడి చూశారు. రెండో గుంపులో ముగ్గురు తప్ప అందరూ గంజాయినే ముందు వాడారు. మీ పెద్దవాళ్లు చూసిన వరుస ఇదే. అదే అంకెలను రెండో వైపు నుంచి చదివితే, గంజాయి వాడినవారిలో ఎక్కువమంది ఎక్కడికీ వెళ్లలేదు.

వారు ఆగిపోకుండా మరో పని చేశారు. ఒక మనిషిని మరొకరితో కాక, అదే మనిషిని అతని జీవితంలోని వేరే ఏళ్లతో పోల్చే గణాంక పద్ధతిని వాడారు. పుట్టుకతో వచ్చినదీ, బాల్యంలో జరిగినదీ మారదు కాబట్టి, ఎక్కువగా వాడిన ఏడాదికీ తక్కువగా వాడిన ఏడాదికీ మధ్య తేడా వాటివల్ల రాలేదని చెప్పుకోవచ్చు. ఆ విశ్లేషణ 2006లో వచ్చింది. సంబంధం తగ్గింది గానీ పోలేదు. అది 14, 15 ఏళ్ల వయసులో బాగా బలంగా ఉండి, ఆ తర్వాత వయసుతో పాటు పలచబడుతూ పోయింది. వారానికోసారి గంజాయి పీల్చే 15 ఏళ్ల పిల్లవాడి ముందున్న ముప్పు వేరు, అంతే పీల్చే 23 ఏళ్ల యువకుడి ముందున్న ముప్పు వేరు. గంజాయి పెద్ద మత్తులకు దారి తీస్తుందా అనే ప్రశ్నకు ఒకే జవాబు లేకపోవడానికి ఇదే ముఖ్య కారణం.

మిగిలిపోయిన ఆ కొంత ఎలా పనిచేస్తుంది? రెండు వివరణలున్నాయి. ఒకటి మెదడు మార్పు. కౌమార వయసులో ఉన్న ఎలుకలకు గంజాయిలోని ప్రధాన మత్తు రసాయనమైన టీహెచ్‌సీ ఇచ్చి, అవి పెద్దవయ్యాక హెరాయిన్‌ను తమంతట తాము తీసుకునే ఏర్పాటు చేస్తే, టీహెచ్‌సీ పొందని ఎలుకల కంటే అవి ఎక్కువ తీసుకున్నాయని యాస్మిన్ హర్డ్ బృందం 2007లో చూపింది. అదే బృందం అంతకుముందు యాంఫెటమిన్ అనే ఉత్తేజక మత్తుమందుతో చేసిన ప్రయోగంలో అలాంటి పెరుగుదల కనిపించలేదు. మరోవైపు నికోటిన్ ముందుగా ఇచ్చిన ఎలుకలు కొకైన్‌కు ఎక్కువగా స్పందించాయని డెనిస్ క్యాండెల్, ఎరిక్ క్యాండెల్ 2011లో తెలిపారు. మద్యంతోనూ అలాంటి ఫలితమే తర్వాత వచ్చింది. కాబట్టి మెదడు సిద్ధం కావడం అనేది ఉంటే, అది గంజాయికి మాత్రమే చెందిన గుణం కాదు. దుకాణంలో చట్టబద్ధంగా దొరికే సిగరెట్ కూడా ఆ పని చేయగలదు. ఇక బోనులో ఉన్న ఎలుకకు హెరాయిన్ మీట దగ్గరే ఉంటుంది, దాన్ని వెతుక్కుంటూ వెళ్లవలసిన పని లేదు. మనుషుల్లో అసలు కథ ఆ వెతుకులాటలోనే ఉంది.

రెండో వివరణ అమ్మేవాడు. గంజాయి నిషేధంలో ఉన్న చోట దాన్ని కొనడానికి వెళ్లే కుర్రవాడు, మిగతా సరుకులు కూడా ఉంచుకునే మనిషిని వారం వారం కలుస్తాడు. నెదర్లాండ్స్ 1976లో చట్టం మార్చి, గంజాయి కొనేవారిని హెరాయిన్ అమ్మేవారి నుంచి వేరుచేయాలని ప్రయత్నించింది ఈ ఆలోచనతోనే. ‘కాఫీషాపు’లో గంజాయి సహిస్తారు, తీవ్రమైన మత్తుమందులు ఉంటే మూసేస్తారు. ఏది ముందు వస్తుందన్నది చాలావరకు ఏది ముందు దొరుకుతుందన్న దానిమీదే ఆధారపడుతుందని, 17 దేశాల సమాచారంతో ప్రపంచ ఆరోగ్య సంస్థ సర్వేల ఆధారంగా 2010లో వచ్చిన విశ్లేషణ కూడా చెబుతోంది. గంజాయి అరుదైన జపాన్‌లో ఇతర మత్తుమందులు వాడినవారిలో చాలామంది గంజాయి తొక్కకుండానే అక్కడికి చేరారు. మెట్టు లేనిచోట కూడా మనుషులు పైకి వెళ్లారంటే, ఎక్కించింది మెట్టు కాదేమో అని ఆలోచించాలి.

ఇప్పుడు ఒక మనిషి విషయం చెబుతాను. గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను. 22 ఏళ్ల యువకుడు, హెరాయిన్ సూది ద్వారా తీసుకుంటున్నాడు. ముందు చూసిన వైద్యులు ఫైలు మొదటి పేజీలో, గంజాయితో మొదలై ఏడేళ్లలో హెరాయిన్ అని ఒక్క గీతలో రాశారు. నేను ఒక కాగితం మీద అడ్డంగా గీత గీసి, దాని మీద ఏళ్లు వేసి, మత్తు గురించి కాకుండా జీవితం గురించి ఒక్కొక్క ఏడాదీ చెప్పమన్నాను. గీత నిండడానికి మూడు సమావేశాలు పట్టింది. ఆరేళ్లప్పుడు తండ్రి కొట్టడం మొదలైంది. ఎనిమిదేళ్లకు తరగతిలో కుదురుగా కూర్చోలేక బయట నిలబెట్టేవారు. పదకొండేళ్లకు బడిలో కొట్లాట, ఆ తర్వాత బడి మార్పు. పన్నెండేళ్లకు తండ్రి గ్లాసులో మిగిలినది తాగాడు. పదమూడుకు సిగరెట్, పదిహేనుకు గంజాయి. పదిహేడేళ్లప్పుడు గంజాయి అమ్మేవాడి దగ్గర ఆ వారం సరుకు లేక, బదులుగా నొప్పి మాత్రలు ఇచ్చాడు. ఆ మాత్రలు వేసుకున్న రాత్రి జీవితంలో మొదటిసారి భయం లేకుండా పడుకున్నానని అతడు చెప్పాడు. నేను ఆ వాక్యం కింద గీత గీసుకున్నాను. హెరాయిన్‌కు తలుపు ఎక్కడుందని ఎవరైనా అడిగితే నేను చూపేది ఆ రాత్రినే, పదిహేనో ఏటి గంజాయిని కాదు.

అతనికి మూడేళ్లు పెద్దవాడైన అన్న ఉన్నాడు. పుట్టింది అదే ఇంట్లో, అదే తండ్రికి. అతడూ గంజాయి వాడాడు, 19 ఏళ్లకు మొదలుపెట్టి 24కు మానేశాడు. ఎందుకు మానేశావని అడిగితే, విసుగొచ్చిందన్నాడు. తేడా ఎక్కడ ఉందో నేను ఖచ్చితంగా చెప్పలేను గానీ, అన్న పదేళ్ల నుంచీ అమ్మమ్మ దగ్గర పెరిగాడన్నది, వేరే ఊరి స్నేహితుల నుంచి గంజాయి తెచ్చుకునేవాడన్నది ఆ కాగితం మీద ఉన్నాయి. బాల్యంలో ఎదురైన తీవ్రమైన కష్టాలు అయిదు, అంతకు మించి ఉన్నవారిలో మత్తుమందుల సమస్య, అలాంటివి ఏవీ లేనివారిలో కంటే 7 నుంచి 10 రెట్లు ఎక్కువగా ఉందని 2003లో ప్రచురితమైన అమెరికా అధ్యయనం ఒకటి చెప్పింది. ఆ అంకె చదివినప్పుడల్లా నాకు ఆ కాగితం ఎడమ సగమే గుర్తొస్తుంది.

ఇక మీ తమ్ముడి విషయం. 17 ఏళ్లు, వారానికి రెండు మూడుసార్లు, అంటే ఏడాదికి 100 సార్లకు పైనే. కుతూహలంతో రెండుసార్లు రుచి చూసిన స్థాయి కాదిది, కాబట్టి సంబంధమే లేదన్న అతని మాటతో నేను ఏకీభవించను. కానీ ముప్పు ఎంతో తేలడానికి మీరు తెలుసుకోవలసింది గంజాయి గురించి కాదు. అతడు ఏ వయసులో మొదలుపెట్టాడు? 14కా, నిరుడా? గుంపుతోనే పీలుస్తాడా, ఒంటరిగా, పొద్దున్నే కూడా పీలుస్తాడా? స్నేహితుడి దగ్గర తెచ్చుకుంటాడా, అన్ని రకాలూ అమ్మేవాడి దగ్గరా? ఏ మాత్రలైనా ఎవరైనా ఇచ్చారా? అది పీల్చినప్పుడు సరదా కలుగుతుందా, లేక ఏదో ఒకటి ఆగుతుందా, నిద్ర పట్టని బాధో, భయమో, తలలో గోలో? ఈ చివరి ప్రశ్నకు ఆగుతుంది అనే జవాబు వస్తే, నేను మిగతావన్నీ పక్కన పెట్టి దాని వెంటే వెళ్తాను. అక్కడ కుంగుబాటు, ఆందోళన, శ్రద్ధ నిలవని సమస్య వంటివి దాగి ఉంటే వాటికి చికిత్స ఉంది. దాన్ని చేయకుండా గంజాయిని మాత్రం లాక్కుంటే, ఆ ఖాళీని మరొకటి నింపుతుంది.

ఒక జాగ్రత్త చెప్పాలి, ఎందుకంటే భయపడిన ఇళ్లలో మొదట చేసేది ఇదే. మూత్ర పరీక్ష కిట్లు కొని వారం వారం పరీక్షించకండి. రోజూ వాడేవారిలో గంజాయి ఆనవాలు నెల వరకు కూడా కనిపించవచ్చు, కాబట్టి మానేసినవాడు కూడా అబద్ధాలకోరులా తేలతాడు. హెరాయిన్ ఆనవాలు రెండు మూడు రోజుల్లో పోతుంది, ట్రామడాల్, ఫెంటానిల్ వంటి కొన్ని మత్తు కలిగించే నొప్పి మందులను మామూలు కిట్లు అసలు పట్టవు. అంటే తక్కువ ప్రమాదమైనది దొరికిపోతుంది, ఎక్కువ ప్రమాదమైనది తప్పించుకుంటుంది. పరీక్షకు దొరకకుండా ఉండేందుకు గంజాయి వదిలి, అంతకంటే ఎన్నో రెట్లు ప్రమాదకరమైన కృత్రిమ గంజాయి రసాయనాలకు మారినవారిని నేను చూశాను. ఆ ఇంట్లో పరీక్ష ఫలితాలు మాత్రం వరుసగా నాలుగు నెలలు శుభ్రంగా వచ్చాయి.

అలాగే, ఒక్క దమ్ముతో హెరాయిన్ దాకా పోతావని అతనితో అనవద్దని పెద్దవాళ్లకు చెప్పండి. అతని చుట్టూ గంజాయి పీల్చే పదిమంది ఉన్నారు, వారెవరూ హెరాయిన్ వాడటం లేదని అతనికి కళ్లముందే కనిపిస్తోంది. ఆ ఒక్క మాట అబద్ధమని తేలాక, రేపు ఎవరైనా మాత్రలు చాపినప్పుడు మీరు చెప్పే నిజాన్ని కూడా అతడు అదే గంపలో వేస్తాడు. వీలైతే నేను చేసినట్టే ఒక కాగితం మీద గీత గీసి, అతని పక్కన కూర్చుని ఏళ్లు వేయండి, గంజాయి పేరు మీరు ఎత్తకండి. అతనితో పాటు అదే ఇంట్లో పెరిగినవారు మీరు కాబట్టి, ఆ గీత ఎడమ సగంలో ఏం రాయాలో తల్లిదండ్రులకంటే మీకే ఎక్కువ తెలిసి ఉండవచ్చు. అది రాసి తెస్తే, అతన్ని చూసే మానసిక వైద్యుడికి మొదటి మూడు సమావేశాల పని మీరు చేసిపెట్టినట్టే.